అటువైపు నుంచి నాలుగు గళ్ళు

సత్యలక్ష్మి టీచర్ పాఠం తయారుచేసుకుంటోందంటే ఆ ఇంట్లో ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. కూడికల పాఠానికి అత్తగారు చిక్కుడుకాయలు పదేసి చొప్పున కట్టలు కట్టింది. ఆకుల పాఠానికి పక్కింటివాళ్ళ జామచెట్టు సగం బోడి అయింది. ఈసారి పాఠం లయ. చప్పట్లు కొట్టే పని మొగుడి మీద పడింది.

నానాజీ ఆర్టీసీ డిపోలో మెకానిక్. గురువారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి ముందు సత్యలక్ష్మి సుద్దముక్కతో నేల మీద వరసగా నాలుగు గళ్ళు గీసింది. వంటింట్లోంచి గుప్పెడు చింతపిక్కలు తెచ్చి మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో ఒకటి పెట్టింది. నాలుగో గడి ఖాళీగా వదిలేసింది.

"ఒక్కో గడి ఒక్కో అడుగు అనుకోండి. నడుస్తుంటే అడుగులు సమానంగా పడతాయి కదా, అలాగ. గడిలో ఒక పిక్కుంటే ఆ అడుగు మీద ఒక చప్పట. రెండుంటే అదే అడుగులో గబగబా రెండు. ఏమీ లేకపోతే అడుగు పడుతుంది గానీ చప్పుడుండదు. ఏదీ, కానివ్వండి."

నానాజీ గ్లాసు పక్కన పెట్టి బుద్ధిగా కొట్టాడు. తా, తక, తా, తా.

"నాలుగోది ఖాళీ అన్నాను కదండీ."

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఖాళీ గడి మీద చప్పట పడింది. మూడోసారి పళ్ళు బిగించి మరీ కొట్టాడు. చప్పట పడనే పడింది.

"ఆగలేకపోతన్నాను సత్యా. సేతులు వాటి మానాన అవే కలిసిపోతన్నాయి," అన్నాడు నానాజీ నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఇంకొకరైతే విసుక్కునేవారు. సత్యలక్ష్మికి మాత్రం ఇలాంటిది ఎదురైతే ఆకలి కూడా గుర్తుండదు. మొగుడి మొహం మానేసి చేతులే చూస్తూ ఇంకోసారి కొట్టమంది. మూడో గడి అయ్యాక అతని అరచేతులు కొద్దిగా విడిపడి, గాల్లో ఏం చెయ్యాలో తెలియక నిలబడి, అలవాటు కొద్దీ కలిసిపోతున్నాయి. ఊరుకోమని చెప్పడం చేతులకు చాలదన్నమాట. వాటికి ఇంకో పని చెప్పాలి.

"ఖాళీ గడి మీద రెండు చేతులూ ఇలా పక్కలకి విప్పెయ్యండి. అరచేతులు పైకి. మన దగ్గరేం లేదు అన్నట్టు."

ఈసారి నానాజీ చేతులు నాలుగో అడుగు మీద చప్పుడు లేకుండా విచ్చుకున్నాయి. వరస మళ్ళీ మొదటికి వచ్చి, సరిగ్గా తా అని పడింది. అతను ఆగకుండా అలా ఎన్నిసార్లు తిప్పాడో గానీ టీ చల్లారిపోయింది. సత్యలక్ష్మి పాఠం కాగితం మీద రాసుకుంది: నిశ్శబ్దానికి కూడా ఒక కదలిక కావాలి.

ఇంత హైరానా ఎందుకంటే, మర్నాడు ఈ పాఠం పిల్లలకే కాదు, హెడ్మాస్టరు త్రినాధరావు గారికి కూడా చూపించాలి.

అనకాపల్లి నుంచి తుమ్మపాల దాటి చెరకు చేల మధ్యకు వెళితే వచ్చే ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉన్నది ఇద్దరే ఉపాధ్యాయులు. సత్యలక్ష్మి ఒకటి, రెండు తరగతులను ఒకే గదిలో చూస్తుంది. మిగతా మూడు తరగతులు ఆయనవి. శనివారం పిల్లలు పుస్తకాల సంచి తేనక్కరలేదు గనక ఆ రోజు ఒక గంట సంగీతానికి ఇమ్మని సత్యలక్ష్మి అడిగింది. ఆయన ఇచ్చారు. కొన్ని వారాలయ్యాక ఆయన మనసు పీకడం మొదలుపెట్టింది.

త్రినాధరావు గారు చెడ్డవారు కాదు. శనివారం శనివారం ఉప్మాక వెంకన్న గుడికి వెళ్ళి భజనలో తాళాలు వేసే మనిషి. పాటంటే ప్రాణం. ఆయన బాధల్లా రెండో తరగతికొచ్చినా గుణింతం పట్టుబడని పిల్లల గురించి. "ఆ గంట ఆళ్ళ చేత నాలుగు మాటలు చదివిత్తే పుణ్యం వస్తాది కదమ్మా," అన్నారు. దానికి సత్యలక్ష్మి, "ఇదీ చదవడమే మాస్టారూ. గుర్తు చూసి చప్పుడు చెయ్యడం. అక్షరం చూసి పలకలేని పిల్లలు కూడా ఇది చదవగలరని నా నమ్మకం," అంది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "తాళం విని వస్తాది గానీ పిక్కలు సూసి వస్తాదా? పక్కోడు కొట్టింది సూసి కొడతారు. సదివి కొడుతున్నారని నాకు నమ్మకం కలిగించండి, ఆ గంట మీదే. లేదంటే చదువుకి ఇచ్చేద్దాం."

ఆ మాటలో అన్యాయమేమీ లేదు. అందుకే ఆవిడకు భయం వేసింది. ఆ గదిలో నూకరత్నం అనే పిల్ల ఉంది. చెరకు నరికే వాళ్ళ అమ్మాయి. పుస్తకం తెరిస్తే చాలు, తల దించేసుకుని పక్క పిల్ల పెదాల వంక ఓరగా చూసి ఆ పెదాలు ఎలా కదిలితే అలా కదిపేస్తుంది. ఆ పిల్ల ఒక్కసారైనా ఎవరి వంకా చూడకుండా, తన కళ్ళతో తాను చదివి, అది సరైందని తెలుసుకుని తలెత్తాలని సత్యలక్ష్మి కోరిక. శనివారం గంట పోతే ఆ అవకాశం కూడా పోతుంది.

అందుకని పాఠం మెట్టు మెట్టుగా అల్లింది. ముందు నిలబడ్డ చోటే నడక, అడుగులు సమానంగా పడేదాకా. తర్వాత ఆవిడ కొట్టింది విని పిల్లలు తిరిగి కొట్టడం. ఆ తర్వాత ఒంటినే వాయిద్యం చేసుకోవడం: నేల మీద పాదం, తొడ మీద అరచెయ్యి, చప్పట. చిటిక కూడా పెడదామనుకుని మానేసింది. ఆ వయసు పిల్లల వేళ్ళకు చిటిక పలకదు, పలకని చిటిక కోసం అందరూ వేళ్ళు చూసుకుంటూ కూర్చుంటే నడక పోతుంది. దాని బదులు భుజాల మీద తట్టడం పెట్టింది. ఆపైన జంటలుగా చప్పట్ల ఆట. చివర గళ్ళూ పిక్కలూ.

చప్పట్ల ఆటకు పిల్లలు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చోవాలి. గళ్ళు బోర్డు మీద గీస్తే అందర్నీ లేపి, తిప్పి, మళ్ళీ కూర్చోబెట్టాలి. ఒకటో తరగతి పిల్లల్ని లేపడం సులువే, కూర్చోబెట్టడానికే రోజు చాలదు. రెండు వరసల మధ్య నేల మీదే ముగ్గుతో పెద్ద పెద్ద గళ్ళు గీసేస్తే ఆ గోల ఉండదు కదా! ఈ ఆలోచన వచ్చినందుకు సత్యలక్ష్మి తనను తాను కాస్త మెచ్చుకుంది కూడా. పాఠం మొత్తంలో ఆవిడ తప్పు చేసింది అక్కడే.

శుక్రవారం మధ్యాహ్నం గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని త్రినాధరావు గారు కూర్చున్నారు. పిల్లల్లో సగంమంది గుమ్మం వైపు వరసలో, సగంమంది కిటికీ వైపు వరసలో. సత్యలక్ష్మి గుమ్మం వైపు పిల్లల వెనకాల నిలబడింది. ముగ్గు గళ్ళు మధ్యలో తెల్లగా మెరుస్తున్నాయి.

నడక బాగా కుదిరింది. తొడలు, భుజాలు, పాదాలు ఆవిడ చేతి వెంటే వచ్చాయి. మొదట్లో చప్పట్లు పరుగందుకుంటే ఆవిడ గొంతు తగ్గించి పాదంతో నేల తట్టింది, పిల్లలు దారికొచ్చారు. చప్పట్ల ఆటకు తనే ఒక మాట అల్లింది.

బెల్లం దిమ్మ, బెల్లం దిమ్మ,
చీమలొచ్చె, మూత వెయ్!

సొంత చప్పట, ఎదుటివాళ్ళ కుడి చెయ్యి, సొంత చప్పట, ఎదుటివాళ్ళ ఎడమ చెయ్యి. రెండోసారి, "వెయ్" అన్న మాట నోటితో అనకుండా మనసులో అనుకోమంది. మాట ఆగినా దాని చోటు ఆగదు కదా. ఆ చోట చేతులు విప్పడం నేర్పింది. చంటిబాబు అనే పిల్లాడు చేతులు విప్పుతూ కళ్ళు కూడా ఇంతింత చేసుకున్నాడు. పిల్లలంతా పకపకా నవ్వారు. త్రినాధరావు గారి కాలు వద్దన్నా ఆడుతోంది.

అప్పుడు సత్యలక్ష్మి గళ్ళలో పిక్కలు పెట్టింది. ఒకటి, రెండు, ఒకటి, ఖాళీ. ఏ గడి ఎలా చదవాలో ఒక్కోటీ విడిగా చూపించింది. మొత్తం వరస మాత్రం కొట్టి వినిపించలేదు. వినిపిస్తే అది విని కొట్టినట్టే అవుతుందని ఆవిడ జాగ్రత్త.

"నాలుగడుగులు నేను వేస్తాను. తర్వాత మీరు కళ్ళతో చదివి, చేతులతో చెప్పండి."

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

గుమ్మం వైపు పిల్లలు కొట్టారు. తా, తక, తా, చేతులు విప్పారు. ముత్యాల్లాగ వచ్చింది. కిటికీ వైపు మాత్రం గందరగోళం. మొదటి అడుగు మీద అక్కడ చప్పట లేదు. రెండో అడుగు మీద మొదలుపెట్టి తా, తక, తా అంటూ వాళ్ళకంటే ఒక దెబ్బ వెనక నడిచారు. మొదటి అడుగు మీద నూకరత్నం చేతులు పక్కలకు చాపి ఉండటం సత్యలక్ష్మి చూసింది. ఇంకా తయారవలేదు కాబోలనుకుంది.

మళ్ళీ అడుగులు వేసింది. మళ్ళీ అంతే. కుర్చీలో త్రినాధరావు గారి కాలు ఆగిపోయింది. అది ఆవిడ చూసింది. ఆ కంగారులో నోటికొచ్చిన మాట అనేసింది.

"కిటికీ వైపు పిల్లలూ! వెనకబడిపోతున్నారు. ఎదుటివాళ్ళని చూసి కొట్టండి!"

మూడోసారి అందరూ కలిసిపోయారు. తా, తక, తా, ఖాళీ. ఒక్క చప్పట కూడా పక్కకు పోలేదు. పిల్లలు తమకు తామే కేరింతలు కొట్టుకున్నారు. నూకరత్నం ఒక్కర్తే నవ్వలేదు. ఎదురుగా ఉన్న పావని చేతుల్ని చూసి కొట్టింది, మళ్ళీ గళ్ళను చూసింది, తల దించుకుంది.

పిల్లలు బయటికి పరిగెత్తాక త్రినాధరావు గారు లేచారు. "ఆట చాలా బావుందమ్మా, అబద్ధమెందుకు. కానీ సూసేరు కదా. భజనలోకి కొత్తోళ్ళు వత్తే ఇలాగే ఒక దెబ్బ వెనక వస్తారు, ముందోడి సేతులు సూసి కొడతారు గనక. మీరు కూడా సూసి కొట్టమన్నాకే కలిసేరు. ఆళ్ళు సదివింది పిక్కల్ని కాదు." కాస్త ఆగి, నొప్పించకుండా, "రేపటి నుంచి ఆ గంట చదువుకి పెట్టుకుందాం," అన్నారు.

సత్యలక్ష్మి తలూపింది. ఆయన చెప్పింది ఆవిడ కూడా కళ్ళారా చూసింది. పైగా చూసి కొట్టమన్నది ఆవిడే. చదవడం నేర్పడానికి వచ్చి కాపీ నేర్పిందా? సిగ్గేసింది.

పిక్కలు ఏరి చీపురు తెద్దామని వంగింది గానీ చెయ్యి ఆగిపోయింది. ఏదో పొసగడం లేదు. ముందువాళ్ళను చూసి కొట్టేవాడు మొదటి దెబ్బకు ఏం చేస్తాడు? ఊరికే చూస్తాడు. చేతులు ఒళ్ళో ఉంటాయి, లేదా సగంలో వేలాడుతుంటాయి. నూకరత్నం చేతులు అలా లేవు. అరచేతులు పైకి, పక్కలకు చక్కగా విప్పి ఉన్నాయి. ఆ క్షణాన గదిలో ఇంకెవరూ చేతులు విప్పలేదు. మరి ఆ పిల్ల ఎవర్ని చూసి విప్పింది?

సత్యలక్ష్మి లేచి, గళ్ళను దాటి, నూకరత్నం కూర్చున్న చోట చతికిలబడింది.

మొదటి గడి ఖాళీగా ఉంది. తర్వాత ఒక పిక్క. తర్వాత రెండు. చివర ఒకటి.

ఎడమ నుంచి కుడికి చదవాలని తనే పిల్లలకు ఏడాదిగా నూరిపోసింది. వాళ్ళు తమ ఎడమ నుంచి తమ కుడికి చదివారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఎడమ, మనకు కుడి. ముగ్గు గళ్ళు నేల మీద గీసి, రెండు వైపులా పిల్లల్ని కూర్చోబెట్టి, ఒకవైపు నిలబడి పాఠం చెప్పింది ఎవరు? ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ పిల్ల చదివింది. చదివిన పిల్లను పట్టుకుని, చూసి కొట్టమని అరిచింది!

మాస్టారి దగ్గరకు పరిగెత్తబోయి గుమ్మంలో ఆగింది. ఆయన ఏమంటారో తెలుసు. ఈ వరసను అటునుంచి చదివినా, ఒక దెబ్బ ఆలస్యంగా కొట్టినా వినపడేది ఒక్కటే: ఖాళీ, తా, తక, తా. చదివారని తనంటుంది, వెనకబడ్డారని ఆయనంటారు. ఇద్దరిలో ఎవరు రైటో ఈ వరస తేల్చదు. తేల్చే వరస ఇంకోటి కావాలి.

ఇంటికి వెళ్ళే ఆటోలో సత్యలక్ష్మి మోకాలి మీద తట్టుకుంటూ కూర్చుంది. రెండు వేళ్ళు ఎడమ మోకాలి మీద, రెండు కుడి మోకాలి మీద. పక్కనున్న చేపల గంప ముసలమ్మ కాసేపు చూసి, "ఏటమ్మా, తిమ్మిరెక్కిందా?" అని అడిగింది. "లేదు అమ్మమ్మా, లెక్క," అంది సత్యలక్ష్మి. ముసలమ్మ గంప కాస్త తన వైపుకు లాక్కుంది.

అనకాపల్లి దగ్గరపడుతుండగా దొరికింది. మొదటి గడిలో రెండు పిక్కలు, తర్వాత ఒకటి, ఒకటి, ఆఖర్న ఖాళీ. తక, తా, తా, ఖాళీ. చూసి కొట్టేవాళ్ళయితే ఒక దెబ్బ వెనక తక, తా, తా అనే వస్తారు. చదివేవాళ్ళయితే ఖాళీ, తా, తా, తక అని రావాలి, తక చివర్న పడాలి. ఎదుటివరస దాన్ని ఆ చోట కొట్టదు. లేనిదాన్ని చూసి కొట్టడం ఎవరి తరం?

శనివారం పొద్దున్నే త్రినాధరావు గారు సైకిలు స్టాండు వేస్తుండగానే పట్టుకుంది. "మాస్టారూ, ఒక్క వరసకి టైమివ్వండి. ముందే చెప్పేస్తున్నాను, వరస తక, తా, తా, ఖాళీ. కిటికీ వైపు పిల్లలు తక ముందు కొడితే మీరే రైటు, ఆ గంట తీసుకోండి. తక చివర్న కొడితే నేను రైటు."

"తక చివర్న ఎందుకొస్తాదమ్మా? మీరు చెప్పిన వరసలో తక ముందుంది కదా."

"అదే నేనూ చూడాలనుకుంటున్నాను. ఈసారి మీ కుర్చీ కిటికీ దగ్గర వెయ్యమంటారా?"

ఆయన అనుమానంగా చూశారు. అయినా తాళం వేసే మనిషి కదా, కుతూహలం ఆయన్నీ కుదురుగా ఉండనివ్వలేదు. కుర్చీ తనే మోసుకొచ్చి కిటికీ వైపు వరస వెనకాల వేసుకున్నారు.

పిల్లలు నిన్నటిలాగే కూర్చున్నారు. కాసేపు నడక అయింది. సత్యలక్ష్మి కొత్త వరస పెట్టింది. అడుగులు వెయ్యబోతూ కిటికీ వైపు చూసి గతుక్కుమంది. ఆ వరసలో ఒక్కరి కళ్ళూ నేల మీద లేవు. అందరూ ఎదుటివాళ్ళ చేతులకేసి చూస్తున్నారు. నూకరత్నం అయితే పావని చేతుల్ని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నిన్న టీచర్ చెప్పింది మరి! మంచి పిల్లలు గనక గుర్తుపెట్టుకున్నారు.

ఇలాగే కొట్టిస్తే పాఠం పోయినట్టే. త్రినాధరావు గారు వింటున్నారని తెలిసినా ఆవిడ వెళ్ళి ఆ వరస ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నిన్న నేను మీకు తప్పు చెప్పేనర్రా. ఎదుటివాళ్ళని చూడమన్నాను. అది తప్పు. ఎవర్నీ చూడొద్దు. గళ్ళు చూడండి. ఎవరికి ఎలా కనబడితే అలా చదవండి."

"ఆళ్ళతో కలవకపోతేనో టీచర్?" అన్నాడు నూకరత్నం పక్కన కూర్చున్న మోహిత్.

"కలవకపోయినా పర్వాలేదు."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. టీచర్ తప్పు చెప్పానని ఒప్పుకోవడం, కలవకపోయినా పర్వాలేదనడం ఒకే పూట రెండు వింతలు. నూకరత్నం పావని వంక చూసింది, టీచర్ వంక చూసింది. ఆ పిల్ల కళ్ళు మెల్లగా కిందికి దిగాయి. పెదాలు కదులుతున్నాయి, ఈసారి ఎవరి పెదాల వెంటా కాదు.

సత్యలక్ష్మి లేచి మధ్యలో, గళ్ళ చివర నిలబడింది. గుండె అడుగుల కంటే వేగంగా కొట్టుకుంటోంది. దాని మాట విని తొందరపడకూడదని పాదం గట్టిగా వేసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

గుమ్మం వైపు తక అంది.

కిటికీ వైపు నూకరత్నం చేతులు విచ్చుకున్నాయి. చప్పుడు లేదు. పక్కన మోహిత్ చేతులు కూడా. వరస చివర ఒకడు తడబడి తప్ప, అందరివీ. ఆ తర్వాత తా. తా. గుమ్మం వైపు చేతులు విప్పి నిశ్శబ్దమైపోయిన నాలుగో అడుగు మీద, కిటికీ వైపు నుంచి రెండు చప్పట్లు గబగబా పడ్డాయి. తక.

"ఆగకండి!" అంది సత్యలక్ష్మి.

వరస తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఒకవైపు ఆగిన చోట రెండోవైపు పలుకుతోంది, ఒకవైపు పరుగెత్తిన చోట రెండోవైపు ఊరుకుంటోంది. రెండు వైపులా కలిపితే గదిలో ఖాళీ అడుగన్నదే లేదు. పిల్లలకు అది ముందు చెవిలో పడింది, తర్వాత మొహాల్లోకి వచ్చింది. పక్క గదిలోంచి పెద్ద తరగతుల పిల్లలు గుమ్మంలో గుమిగూడారు.

త్రినాధరావు గారు కుర్చీ అంచుకు జరిగారు. ముందుకు వంగి, నూకరత్నం తల మీదుగా గళ్ళను చూశారు. ఎడమ నుంచి కుడికి వేలు గాల్లో కదిపారు. ఒకసారి ఆగి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ కదిపారు. తర్వాతి వరసకు ఆయన చేతులు విచ్చుకున్నాయి. ఆయన చప్పట కిటికీ వైపు పిల్లల్తోటే పడింది.

ఆపాక అందరికీ ఊపిరి అందుకునే పనే సరిపోయింది.

"ఇటేపు నుంచి అలాగే ఉందమ్మా," అన్నారు త్రినాధరావు గారు నెమ్మదిగా. "సదివేరు. ఒకళ్ళిద్దరు తప్ప అందరూ సదివేరు." కుర్చీలోంచి లేస్తూ, "శనివారం గంట మీదే," అన్నారు. గుమ్మంలో ఉన్న పిల్లల్ని అదిలించుకుంటూ వెళ్ళబోయి ఆగి, "పై తరగతోళ్ళక్కూడా ఓసారి పెట్టండి. నేనూ కూకుంటాను," అన్నారు.

సత్యలక్ష్మికి సంతోషం ఆగలేదు. పిల్లలందర్నీ ఒకేసారి ఎత్తుకోవాలనిపించింది. అది కుదరదు గనక చింతపిక్కల డబ్బా వాళ్ళ మధ్య పెట్టి, ఎవరి వరస వాళ్ళను పెట్టుకోమంది. గదంతా గోల లేచింది. చంటిబాబు ఒకే గడిలో పది పిక్కలు కుక్కి, అది ఎలా కొట్టాలో తెలియక తన్నుకుంటున్నాడు.

నూకరత్నం మాత్రం డబ్బా దగ్గరకు వెళ్ళలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది.

"టీచర్, నిన్న కూడా నేను ఇలాగే సదివేను కదా."

"అవునమ్మా."

"మరి తప్పన్నారేటి?"

ఆ అడగడంలో కోపం లేదు. ఊరికే తెలుసుకోవాలని అడిగింది. ఇంతకాలం ఆ పిల్ల తను చెయ్యలేనిదాన్ని తప్పన్నారని తల దించుకునేది. నిన్న సరిగ్గా చేసినదాన్ని కూడా తప్పన్నారు. రాత్రంతా ఆ పిల్ల ఏమనుకుని ఉంటుందో తలచుకునేసరికి సత్యలక్ష్మి కళ్ళు చెమర్చాయి. పిల్ల ఎత్తుకు వంగింది.

"నేను అటువైపు నిలబడి చూసేనమ్మా. నువ్వున్న చోటకొచ్చి చూళ్ళేదు. తప్పు నాది, నీది కాదు."

నూకరత్నం డబ్బాలోంచి పిక్కలు తెచ్చి గళ్ళలో ఒక్కోటీ సర్దింది. తన పక్కన నేల మీద దుమ్ము అరచేత్తో తుడిచింది.

"అయితే ఇప్పుడు ఇటేపొచ్చి కూకోండి టీచర్. నేను అడుగులేత్తాను, మీరు సదవండి."